రెక్కల మీద గుంతలు: సోనా బోటు ప్రొపెల్లర్ లెక్క

"మాది వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో సోనా బోటు, 13 మీటర్లది. పోయిన ఏడాది 120 హెచ్‌పి ఇంజన్ తీసేసి 180 వేశాం. గేర్‌బాక్స్ 3:1, మూడు రెక్కల కంచు ప్రొపెల్లర్ 34 × 27, రెండూ పాతవే. ఇంతకుముందు 1500 చుట్ల మీద నడిపేవాళ్ళం, ఇప్పుడు 1800. స్పీడు మాత్రం 8 నాట్ల నుంచి ఎనిమిదిన్నర దాటట్లేదు. వల లాగేటప్పుడు వెనకాల గులకరాళ్ళు దొర్లుతున్నట్టు చప్పుడు. వేట నిషేధం కదా అని బోటు ఒడ్డుకెక్కిస్తే మూడు రెక్కలకీ చివర దగ్గర, బోటు వైపు చూసే ముఖం మీద గుంతలు కనిపించాయి. ఒకాయన తుప్పంటాడు, ఇంకొకాయన నీళ్ళు మరిగి తినేశాయంటాడు. చల్లటి సముద్రంలో మరగడమేంటి సార్? ప్రొపెల్లర్ మార్చాలా?"

రెండో ఆయన చెప్పిందే నిజం. దాని పేరు కేవిటేషన్. స్పీడు పెరగకపోవడం మాత్రం దాదాపుగా వేరే సంగతి, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను ముప్పై ఏళ్ళు డ్రై డాక్‌లో ప్రొపెల్లర్ల పనే చేశాను. ఓడ నీళ్ళలోంచి తేలగానే రెక్కల ముందు నిలబడితే అది ఎలా బతికిందో సగం తెలిసిపోతుంది. మీరు రాసిన దాంట్లోనే మూడు గుర్తులున్నాయి. గుంతలు మూడు రెక్కల మీదా ఒకే చోట ఉన్నాయి. అవి బోటు వైపు ముఖం మీద ఉన్నాయి. చివరి భాగంలోనే ఉన్నాయి. తుప్పుకు ఇంత పద్ధతి ఉండదు. ఉప్పునీటి కరెంటు తినేస్తే రెక్క అంతా, రెక్కలు నాటుకున్న మధ్య బోడె మీద కూడా పలచబడుతుంది. మామూలు కంచులోంచి జింక్ పోయిన చోట రాగి రంగు, కాస్త గులాబీ ఛాయ తేలుతుంది, సుత్తితో కొడితే ఖంగుమనదు. కేవిటేషన్ తిన్న చోట అలా ఉండదు. చుట్టూ లోహం నున్నగా ఉంటుంది, మధ్యలో ఒక్క చోట తేనెతుట్టెలా చిల్లులు పడి గరగరలాడుతుంది. అరచెయ్యంత మచ్చ మీద సుద్దముక్క రుద్ది గుడ్డతో తుడిచి చూడండి. గుంతల్లో తెలుపు నిలిచిపోయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో బొమ్మ గీసినట్టు కనిపిస్తుంది. ఆ బొమ్మను ఫొటో తీసి దాచుకోండి, పని తర్వాత పోల్చుకోవడానికి అదే ఆధారం.

ఇక నీళ్ళు ఎందుకు మరుగుతాయో తెలియాలంటే ముందు ప్రొపెల్లర్ బోటును ఎలా తోస్తుందో చూడాలి.

చాలామంది దాన్ని చెక్కలో దిగే స్క్రూ అనుకుంటారు. మీ బోడె మీద కొట్టిన 34 వ్యాసం, 27 పిచ్, రెండూ అంగుళాల్లో. నీళ్ళు చెక్కలాంటివే అయితే ఒక్క చుట్టుకు బోటు 27 అంగుళాలు ముందుకు పోవాలి. ఇంజన్ 1800 అంటే షాఫ్టు 600, అంటే సెకనుకు 10 చుట్లు. ఆ లెక్కన బోటు 13 నాట్ల పైన పరిగెత్తాలి. మీది ఎనిమిదిన్నర. ఈ తేడానే స్లిప్ అంటారు. స్లిప్ అనగానే నష్టం అని భయపడతారు గానీ, స్లిప్ లేకపోతే తోపే లేదు. నీళ్ళు రెక్కకు కాస్త ఏటవాలుగా తగిలితేనే రెక్క వాటిని వెనక్కి నెట్టగలదు.

నెట్టడం అంటే ఎంత నెట్టడమో అంకెల్లో చూద్దాం. మీరు వల లాగేటప్పుడు సుమారు 3 నాట్ల మీద ఉంటారు. బోటు అడుగు వెంట నీళ్ళు కూడా కాస్త లాక్కొస్తుంది కాబట్టి ప్రొపెల్లర్ దగ్గరికి నీళ్ళు వచ్చే వేగం సెకనుకు 1.3 మీటర్లే అనుకోవచ్చు. అప్పుడు మీ ప్రొపెల్లర్ ఇచ్చే తోపు నా లెక్కలో 1.7 టన్నుల బరువుకు సమానం. అంత తోపు రావాలంటే 34 అంగుళాల వృత్తంలోంచి సెకనుకు రెండున్నర టన్నుల పైన నీళ్ళను పట్టుకుని, వాటి వేగాన్ని ఇంకో 6.4 మీటర్లు పెంచి వెనక్కి విసరాలి. తోపు అంటే ఇంతే. విసిరిన నీటి బరువును పెంచిన వేగంతో గుణించండి.

ఇందులో ఒక మెలిక ఉంది. అదే తోపు కావాలంటే తక్కువ నీళ్ళను గట్టిగా విసరొచ్చు, ఎక్కువ నీళ్ళను నెమ్మదిగానూ విసరొచ్చు. విసిరిన నీటిలో మిగిలిపోయే శక్తి మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది. బోటు వెనక నురగలు కక్కుతూ పోయే ఆ ప్రవాహం మీ డీజిలే. ఇదే 1.7 టన్నుల తోపుకు ఏ నష్టమూ లేని ఆదర్శ ప్రొపెల్లర్‌కు కూడా 34 అంగుళాల్లో 76 కిలోవాట్లు కావాలి. 40 అంగుళాలైతే 66 చాలు. అందుకే పెద్ద ఓడల ప్రొపెల్లర్లు తాటిచెట్టంత ఉండి నిమిషానికి వందలోపు చుట్లు తిరుగుతాయి. చిన్న ప్రొపెల్లర్‌ను వేగంగా తిప్పి పని సాగించడం చౌక, కాకపోతే గేర్‌బాక్స్ దగ్గర మిగిలిన డబ్బు డీజిల్ బంకులో పోతుంది.

ఇప్పుడు ఒక్క రెక్కను దగ్గరగా చూద్దాం. అది నీళ్ళలో తిరిగే విమానం రెక్క. వెనకవైపు ముఖం నీళ్ళను నెడుతుంది, బోటు వైపు ముఖం నీళ్ళను పీలుస్తుంది. మనకు నెట్టే ముఖమే కనిపిస్తుంది కాబట్టి పని అంతా అదే చేస్తుందనుకుంటాం. నిజానికి తోపులో పెద్ద వాటా పీల్చే ముఖానిది. ఆ ముఖం మీద నీటి పీడనం పడిపోతుంది. గుంతలు ఆ ముఖం మీదే ఉన్నాయన్న మీ మాటతోనే నాకు సగం జవాబు దొరికింది.

నీళ్ళు మరగాలంటే వేడే అక్కర్లేదు, పీడనం పడిపోయినా చాలు. కొండ మీద అన్నం ఉడకడానికి ఆలస్యమవడం వినే ఉంటారు, అక్కడ గాలి పీడనం తక్కువ, నీళ్ళు నూరు డిగ్రీలకు ముందే మరిగిపోతాయి. పీడనాన్ని ఇంకా దించుకుంటూ పోతే, 30 డిగ్రీల మన వైజాగ్ నీళ్ళు కూడా గాలి పీడనంలో ఇరవై నాలుగో వంతు దగ్గర, అంటే 4 కిలోపాస్కల్ చిల్లర దగ్గర, మరిగిపోతాయి. మన సముద్రం వెచ్చన కాబట్టే ఇలా అవుతోందని ఒకరిద్దరు అంటుంటారు. అది సాకు. 5 డిగ్రీల చలి సముద్రంలో ఆ అంకె 1 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది. తేడా 3 కిలోపాస్కల్, ఒక అడుగు లోతు నీళ్ళ బరువంత. మీ లెక్కలో అది ఎక్కడా కనపడదు.

కనపడేది చుట్ల లెక్క. రెక్క పైకి వచ్చినప్పుడు దాని కొన నీటిమట్టానికి అర మీటరు లోతులో ఉంటుందనుకోండి. అక్కడ గాలి, నీళ్ళు కలిసి ఇచ్చే పీడనంలోంచి మరిగే పీడనం తీసేస్తే చేతిలో 102 కిలోపాస్కల్ మిగులుతుంది. అదే మీ పెట్టుబడి. ఇక ఖర్చు. కొన తిరిగే వేగం 600 చుట్ల దగ్గర సెకనుకు 27 మీటర్లు. ఆ వేగంలో నీళ్ళకున్న ఒత్తిడి బలం 374 కిలోపాస్కల్. అంటే రెక్క పీల్చుడు ఆ బలంలో 27 శాతం దాటిందంటే నీళ్ళు మరగడం మొదలు. పాత 500 చుట్ల దగ్గర కొన వేగం 22.5 మీటర్లే, అప్పుడు 39 శాతం దాకా ఓపిక ఉండేది. చుట్లు ఇరవై శాతం పెంచితే ఓపిక మూడో వంతు పోయింది.

పైగా వల లాగుడు. 8 నాట్ల మీద పోయేటప్పుడు నీళ్ళు రెక్కకు ఎదురొచ్చి తగిలే కోణాన్ని తగ్గిస్తాయి. 3 నాట్ల మీద చుట్లు అవే, ఎదురొచ్చే నీళ్ళు తక్కువ, స్లిప్ 77 శాతం. రెక్క ముందు అంచుకు నీళ్ళు బాగా ఏటవాలుగా తగిలి, అంచు దాటగానే పీడనం ధబేల్న పడిపోతుంది. మీకు చప్పుడు వల వేసినప్పుడే వినిపించడం అందుకే.

సరే, బుడగలు పుట్టాయి. బుడగ పుడితే రెక్కకు ఏ హానీ లేదు. చచ్చేటప్పుడే హాని. ముందు అంచు దగ్గర పుట్టిన ఆవిరి బుడగ నీటితో పాటు రెక్క మీద జారుకుంటూ పీడనం మళ్ళీ పెరిగే చోటికి చేరుతుంది. లోపల ఉన్నది గాలి కాదు, ఆవిరి. అది మెత్తగా నలగదు, మళ్ళీ నీరైపోయి ఖాళీ అవుతుంది. చుట్టూ ఉన్న నీళ్ళు ఆ ఖాళీలోకి ఒక్కసారిగా దూకుతాయి. లోహానికి ఆనుకున్న బుడగైతే రెండోవైపు నుంచి సన్నటి నీటిధార సూదిలా దాన్ని చీల్చుకుని సెకనుకు వంద మీటర్ల వేగంతో రెక్కను పొడుస్తుంది. ఆ పోటు గాలి పీడనానికి దాదాపు 1,500 రెట్లు. ఒక్క పోటుకు కంచుకు ఏమీ కాదు. కోట్ల పోట్లకు అది అలసి, పొడి పొడిగా రాలుతుంది. అందుకే మీ గుంతలు ముందు అంచు మీద కాకుండా దానికి కాస్త వెనకగా ఉంటాయి. వెళ్ళి చూడండి.

ఇంకో సంగతి. చెక్క బోటుకు ప్రొపెల్లర్ ముందు లావాటి దూలం ఉంటుంది కదా. పై రెక్క ఆ దూలం వెనక నీడలోకి వచ్చినప్పుడు అక్కడ నీళ్ళు నెమ్మదిగా వస్తాయి. కోణం పెరుగుతుంది. లోతు కూడా అక్కడే తక్కువ. రెక్క పైకి రాగానే బుడగల పొర ఉబ్బుతుంది, పక్కకి దాటగానే కూలుతుంది. సెకనుకు 10 చుట్లు, మూడు రెక్కలు, అంటే సెకనుకు 30 సార్లు వెనక పలకల మీద దెబ్బ. స్టీరింగ్ దగ్గర స్టీలు గ్లాసులో టీ పెడితే పైన సన్నటి అలలు కనిపిస్తే అది ఇదే. దూలం వెనక అంచును కత్తిలా సన్నగా చెక్కితే ఈ బాధ కొంత తగ్గుతుంది. చాలామంది పట్టించుకోని పని, వడ్రంగి ఒక్క రోజులో చేస్తాడు.

బోటు ఖాళీగా తేలి ఉన్నప్పుడు ప్రొపెల్లర్ పైనుంచి గాలి పీల్చి గుడగుడమనడాన్ని దీంతో కలపకండి. గాలి బుడగ నలిగినా లోపల గాలి మెత్తలా పనిచేస్తుంది, గుంతలు పడవు. అక్కడ తోపు పోతుంది, ఇంజన్ రేస్ అవుతుంది, అంతే.

కేవిటేషన్‌తో తోపు ఎంత పోతుంది? ఇక్కడే అందరూ పొరబడతారు. కొద్దిపాటి బుడగలకు తోపు ఏమీ తగ్గదు. రెక్క చిల్లులు పడుతున్నా బోటు మామూలుగానే లాగుతుంటుంది, అందుకే మీకు ఏడాదిపాటు తెలియలేదు. బుడగల పొర పీల్చే ముఖాన్ని చాలా మేర కప్పేశాక అసలు నష్టం మొదలవుతుంది. పీడనం మరిగే స్థాయి కన్నా కిందికి పోవడం కుదరదు కాబట్టి ఎంత తిప్పినా ఆ ముఖం అంతకు మించి పీల్చలేదు. తోపు ఆగిపోతుంది, ఇంజన్ మాత్రం తేలిగ్గా చుట్లు ఎక్కుతుంది. చార్లెస్ పార్సన్స్ 1894లో నీళ్ళలోకి దించిన టర్బీనియా ఓడకు ఇదే జరిగింది. టర్బైన్ ఇంజన్ దానిది, ఒకే ప్రొపెల్లర్, పిచ్చి చుట్లు, వేగం 20 నాట్లు దాటలేదు. పని అంతా మూడు షాఫ్టులకు, తొమ్మిది ప్రొపెల్లర్లకు పంచాక 34 నాట్లు దాటింది. గాజు కిటికీ ఉన్న పెట్టెలో నీళ్ళ మీద పీడనం తగ్గించి, చిన్న ప్రొపెల్లర్ తిప్పి బుడగలు చూడటం ఆయనతోనే మొదలైంది. మన ఊళ్ళో నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టిఎల్‌లో ఉన్న కేవిటేషన్ టన్నెల్ దానికి మునిమనవడు.

మీది ఇంకా ఆ దశకు రాలేదని నా అంచనా. మరి స్పీడు? మీ బోటు నీళ్ళలో ఉండే పొడవు 12 మీటర్లనుకోండి. ఇలాంటి బరువు బోటు తను లేపిన అలలోనే తాను కూర్చుంటుంది. ఆ పొడవుకు అల వేగం 8.4 నాట్లు. అది దాటాలంటే తన ముందు అలనే ఎక్కాలి, దానికి 180 కాదు, 300 హెచ్‌పి పెట్టినా డీజిల్ తాగడమే. ప్రొపెల్లర్ మార్చినా స్పీడు రాదు. స్పీడు వస్తుందని ఎవరైనా అమ్మజూపితే దండం పెట్టి వచ్చేయండి. ఇంజన్ పెంచిన లాభం వల లాగడంలోనే తీసుకోవాలి.

ఆ లాభం కోసం ఒక్క అంకె చూడండి. మీ రెక్కల మొత్తం విస్తీర్ణం వృత్తంలో సగం అనుకుంటే, పాత ఇంజన్‌తో వల లాగేటప్పుడు చదరపు సెంటీమీటరు మీద 0.4 కిలోల తోపు పడేది. గుంతలు లేవు. ఇప్పుడు 0.6 పడుతోంది. గుంతలున్నాయి. గేర్‌బాక్స్ 4:1 చేసి, షాఫ్టును 450కి దించి, 40 × 32 ప్రొపెల్లర్ పెడితే ఇదే ఇంజన్‌ను అది నిండుగా వాడుకుంటుంది, రెక్క మీద భారం మళ్ళీ 0.43కి వస్తుంది, కొన వేగం 24 మీటర్లకు తగ్గుతుంది, లాగుడు కూడా కాస్త పెరుగుతుంది. నాకు తెలిసి మీ రోగానికి అసలు మందు ఇదే.

దానికి చోటుండాలి. టేపు తీసుకుని రెక్క కొనకు, పైన చెక్కకు మధ్య సందు కొలవండి. 40 అంగుళాల ప్రొపెల్లర్‌కు పైన ఆరు అంగుళాలన్నా మిగలాలి, అంటే ఇప్పుడున్న సందు తొమ్మిది ఉండాలి. లేకపోతే ఆశ వదిలేసి అదే వ్యాసంలో వెడల్పు రెక్కల ప్రొపెల్లర్, వీలైతే నికెల్ అల్యూమినియం కంచుది, పోత పోయించండి. డీజిల్ ఆదా పెద్దగా ఉండదు గానీ భారం ఎక్కువ విస్తీర్ణం మీద పంచబడుతుంది. ఆ లోహం మామూలు మాంగనీస్ కంచు కన్నా బాగా తట్టుకుంటుంది. అలాగని లోహం మార్చి మిగతావన్నీ వదిలేస్తే గుంతలు ఆలస్యంగా వస్తాయి, రాకుండా ఉండవు.

ఇప్పుడున్న ప్రొపెల్లర్‌కే వెల్డింగ్ పెట్టించి నడుపుదామనుకుంటే ఒక జాగ్రత్త. ఒకసారి మా దగ్గరికి వచ్చిన టగ్గుకు అంతకు ముందు ఏదో వర్క్‌షాప్‌లో గుంతలు పూడ్చారు. పూడ్చడం బాగానే పూడ్చారు. తర్వాత అందంగా ఉండాలని గ్రైండర్‌తో ముందు అంచును గుండ్రంగా, మూడు రెక్కలకు మూడు రకాలుగా రుద్దేశారు. ఆరు నెలలు తిరక్కుండా అదే చోట ఇంకా లోతుగా తినేసింది. నేను అట్టముక్కతో ఒక మంచి రెక్క అంచు అచ్చు కోసి మిగతా వాటి మీద పెడితే ఒక చోట అగ్గిపుల్ల దూరేంత వెలితి. ఆ అంచులో మిల్లీమీటరు తేడా వచ్చినా నీళ్ళు అక్కడే విరిగి బుడగలు లేస్తాయి. కాబట్టి గ్రైండర్ పట్టకముందే మూడు రెక్కలకీ అట్ట అచ్చులు తీసి పెట్టుకోండి, పని అయ్యాక మీరే నిలబడి పెట్టి చూడండి. గుంతల్లో ఎపాక్సీ పుట్టీ నింపుతామంటే ఒప్పుకోకండి, రెండు ట్రిప్పుల్లో ఊడిపోతుంది.

డబ్బు పెట్టే ముందు ఊరికే చేయగలిగిన పని ఒకటుంది. నిషేధం జూన్ 14తో అయిపోయాక మొదటి ట్రిప్పులో వల లాగేటప్పుడు ఇంజన్‌ను 1800 దగ్గర కాకుండా 1600 దగ్గర పెట్టండి. తోపు ఐదో వంతు తగ్గుతుంది, ఇంజన్ మీద భారం దాదాపు మూడో వంతు తగ్గుతుంది, రెక్క మీద 0.6 కాస్తా 0.47 అవుతుంది. గులకరాళ్ళ చప్పుడు ఏ చుట్ల దగ్గర ఆగిందో రాసుకోండి. బోటు దించే ముందు రెక్కల మీద పలచగా రంగు వెయ్యండి. పది రోజుల తర్వాత ఈతగాణ్ణి దించితే రంగు ఎక్కడ లేచిపోయిందో చెప్తాడు. ఆ రెండూ, పైన సందు కొలతా రాస్తే గేర్‌బాక్స్ మార్చాలో వద్దో అప్పుడు ఖాయంగా చెప్తాను.